నలిగిన పేజీ

ఆఫీసులో బీరువాలు సర్దినప్పుడల్లా ఒక విషయం నన్ను ఆపేస్తుంది. క్లయింట్ల దగ్గర కొన్నాళ్లు తిరిగి, ఏదో కారణంతో మా దగ్గరికే వచ్చిన పాత సాయిల్ రిపోర్టుల్లో ఒక్క పేజీయే నలిగి ఉంటుంది. బోర్ లాగులు, ల్యాబ్ పట్టికలు, గ్రాఫులు, సైటు ఫొటోలు, అన్నీ బైండింగ్ అయి వచ్చిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. సేఫ్ బేరింగ్ కెపాసిటీ రాసిన పేజీ మాత్రం అంచులు మడతలు పడి, టీ మరకతో, ఒక అంకె చుట్టూ పెన్సిల్ సున్నాతో కనిపిస్తుంది. స్ట్రక్చరల్ ఇంజినీరు ఆ అంకె తీసుకుని తన డిజైన్‌లో వేసుకున్నాడు, అంతే. దాని వెనక ఎండలో నిలబడ్డ మనుషులు, ల్యాబ్‌లో ఆరబెట్టిన మట్టి, అన్నీ ఆ సున్నాలోకి వెళ్లిపోయాయి. అలా జరగడం తప్పని నేననను. ఆయనకు కావలసింది అంకే. అయితే ఆ అంకె ఒంటరిగా ప్రయాణం చేస్తుందని రాసేవాళ్లకు ముందే తెలిసి ఉండాలి కదా? ఈ మాట కొత్తగా చేరినవాళ్లకు ఎలా చెప్పాలి? చదువులో నలభై పేజీలూ ముఖ్యమేనని నేర్చుకుని వచ్చినవాళ్లకు, చివరికి చదివేది ఒక్క పేజీయేనని చెబితే మిగతా పేజీల మీద శ్రద్ధ తగ్గిపోదూ?

ఈ వేసవిలో ఆ ప్రశ్న గట్టిగానే ఎదురైంది. మా దగ్గర చేరిన అమ్మాయి తన మొదటి క్లయింటు రిపోర్టు నా బల్ల మీద పెట్టింది. తెనాలి వైపు, పొలం మధ్యలో ఒకాయన కల్యాణ మండపం కట్టుకుంటున్నారు. మే నెలలో బోర్లు వేశారు. పైన మీటరున్నర పైచిలుకు నల్లరేగడి, దాని కింద లోతు దాకా మధ్యరకం ఇసుక. డెల్టాలో మామూలుగా కనిపించే వరసే. రెండు మీటర్ల లోతున, ఇసుక మీద, రెండు మీటర్ల చదరపు ఫుటింగులు వేసుకోమని, చదరపు మీటరుకు 18 టన్నులు తీసుకోమని రాసింది. పెన్సిలు పట్టుకుని కూర్చుని మొదటిసారి చదవడం పూర్తయ్యేసరికి, ఇది ఇలాగే బయటికి వెళ్లకూడదని నాకు అర్థమైంది. ఈ అమ్మాయి మంచి ఇంజినీరు అవుతుందనీ అర్థమైంది. రెండూ ఒకే రిపోర్టులోంచి తెలిశాయి. అలాంటప్పుడు రెంటినీ ఒకే కాగితం మీద ఎలా రాయాలి?

నేను పని నేర్చుకున్న చోట ఒక పెద్దాయన ఉండేవారు. రిపోర్టు తిరిగి వస్తే మార్జిన్‌లో ఒక్కటే మాట ఉండేది. ‘నీళ్లు?’ అని. లేకపోతే ‘లోతు?’ అని. ఆయన దగ్గరికి వెళ్లి అడగడానికి భయం. ఆ ప్రశ్నార్థకం పట్టుకుని పుస్తకాలు తిరగేసేవాళ్లం. దొరికినప్పుడు అది ఎప్పటికీ మరిచిపోని చదువు, కాదనను. దొరకనివాళ్ల సంగతేమిటి? వాళ్లు ఏదో ఒకటి మార్చి పంపేవాళ్లు, అది తప్పో ఒప్పో తెలియకుండానే. ఆ తరవాత ఇంకో ఆఫీసులో ఇంకో పద్ధతి చూశాను. ముందు ఒక మెచ్చుకోలు, మధ్యలో తప్పులు, చివర మళ్లీ మెచ్చుకోలు పెట్టి రాయాలని శిక్షణ తరగతుల్లో చెప్పేవారు. ‘బాగా కష్టపడ్డావు’ అని మొదలుపెట్టి ‘ముందుముందు మంచి భవిష్యత్తు ఉంది’ అని ముగించేవారు. చదివేవాళ్లు ఆ రెండు వాక్యాలూ దాటేసి నేరుగా మధ్యకి వెళ్లిపోవడం నా కళ్లతో చూశాను. ఏ రిపోర్టుకైనా అతికే మెచ్చుకోలు వాళ్ల రిపోర్టుది కాదని వాళ్లకు తెలుసు. మరి ఏది వాళ్లది? దాని కోసం రిపోర్టును రెండోసారి చదవాలి. తప్పులకు గురిపెట్టి చదివిన చదువు సరిపోదు. ఏ పని ఈ పిల్ల ఇంకోసారి కూడా ఇలాగే చేయాలి అని వెతుకుతూ చదవాలి.

అలా వెతికితే మూడో బోరు లాగులో ఆరు మీటర్ల దగ్గర దొరికింది. ఎస్‌పీటీ అంటే తెలిసిందే, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదేపదే వదిలి, గొట్టం 45 సెంటీమీటర్లు దిగేదాకా దెబ్బలు లెక్కపెడతాం. మొదటి 15 సెంటీమీటర్లు చెదిరిన మట్టి కాబట్టి వదిలేసి, మిగతా 30 సెంటీమీటర్లకు పడిన దెబ్బలనే ఎన్ విలువ అంటాం. ఆ అమ్మాయి ప్రతి 15 సెంటీమీటర్లకూ విడివిడిగా దెబ్బలు రాసింది, మొత్తం మాత్రమే వేసి ఊరుకోలేదు. ఆరు మీటర్ల దగ్గర దెబ్బలు రాసి, పక్కన ‘నమూనా రాలేదు, గొట్టం ఖాళీగా వచ్చింది’ అని రాసింది. నీటి కింద ఇసుకలో ఇది మామూలే, పైకి లాగేలోపు జారిపోతుంది. ఆ గడి ఖాళీగా ఉంచడానికి మాత్రం ధైర్యం కావాలి. పైనా కిందా అదే ఇసుక కదా అని మధ్యలో కూడా అదే రాసేసి, దానికో జల్లెడ విశ్లేషణ అంకె కూడా తగిలించిన లాగులు నేను చూశాను. రేపు ఎవరైనా ఆ లోతున సన్న ఇసుక ఉందా, భూకంపంలో ద్రవంలా మారే రకమా అని చూడాలనుకుంటే, ఆ కల్పిత గడి వాళ్లను మోసం చేస్తుంది. కాబట్టి నోట్‌లో మొదట ఇదే రాశాను. ‘మూడో బోరు, ఆరు మీటర్లు. రాని నమూనాను రాలేదని రాశావు. ఇది ఎప్పటికీ మానకు. సైటులో ఎవరైనా ఆ గడి నింపేయమన్నా మానకు.’ ఇది బుజ్జగింపు కాదు. దిద్దుబాటు ఎంత ఖచ్చితంగా ఉండాలో మెప్పు కూడా అంత ఖచ్చితంగా ఉండాలని నా నమ్మకం. పేజీ, బోరు, లోతు చెప్పలేని మెప్పుతో ఆ పిల్ల రేపు సైటులో ఏం చేసుకుంటుంది?

ఇక నీళ్ల సంగతి. రిపోర్టులో నీటిమట్టం 4.2 మీటర్లు అని ఉంది. బోరు వేసిన వెంటనే కాక 24 గంటలు ఆగి కొలిచింది, అదీ మంచి పనే. అంకె అబద్ధం కాదు. కానీ అది మే నెల అంకె. కృష్ణా డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేసి ఉంటాయి. బ్యారేజీ నుంచి నీళ్లు వదిలాక, నాట్లు పడ్డాక, వానలు కూడా తోడయ్యాక, అదే పొలంలో నీరు ఎక్కడికి వస్తుంది? మీటరు లోతుకో, ఇంకా పైకో వస్తుంది. ఆ ఊరి రైతుకు ఇది వార్త కాదు. మన రిపోర్టుకు మాత్రం వార్తే అయింది.

దీని వల్ల ఏమవుతుందో అంకెల్లో చూపించకపోతే ‘నీటిమట్టం గమనించు’ అన్న మాట గాలికి పోతుంది. ఇసుక మీద ఫుటింగుకు హద్దు సాధారణంగా కుదింపే, అంటే సెటిల్‌మెంటే. ఇసుకలో విడి ఫుటింగులకు మన కోడు 50 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది. ఆ అమ్మాయి వేసిన 18 టన్నులు ఆ 50 మిల్లీమీటర్ల లెక్కలోంచే వచ్చాయి, ఎన్ విలువను బట్టి. ఆ లెక్కలో నీటికి ఒక దిద్దుబాటు గుణకం ఉంది, ఐఎస్ 8009 మొదటి భాగంలో. ఫుటింగు అడుగు నుంచి దాని వెడల్పంత లోతు దాకా నీరు లేకపోతే గుణకం ఒకటి. అంటే ఇక్కడ రెండు మీటర్ల లోతు, రెండు మీటర్ల వెడల్పు, మొత్తం నాలుగు మీటర్లు. నీరు 4.2 దగ్గర ఉంది కాబట్టి ఒకటి వేసింది. అక్షరాలా కోడు ప్రకారమే చేసింది, ఇరవై సెంటీమీటర్ల తేడాతో. నీరు ఫుటింగు అడుగుకు చేరితే ఆ గుణకం సగమవుతుంది. అంటే అదే బరువుకు కుదింపు రెట్టింపు, లేదా అదే కుదింపుకు మోయగల బరువు సగం. 18 టన్నులు 9 అవుతాయి. 70 టన్నుల స్తంభానికి రెండు మీటర్ల చదరం చాలుననుకున్నది, 2.8 మీటర్ల చదరం కావాలి. కల్యాణ మండపం వేసవిలో కట్టి, ముహూర్తాల రోజుల్లో జనంతో నింపి, నీళ్లు పైకొచ్చిన నెలల్లో కూడా నిలబడాలి కదా.

ఇక్కడ నాకు ఒక సందేహం ఎప్పుడూ ఉంటుంది, దాన్ని కూడా నోట్‌లో దాచలేదు. సగం చేసేయడం మరీ ఎక్కువ జాగ్రత్త కాదా? ఈ పద్ధతికి మూలం 1948లో టెర్జాగి, పెక్ కలిసి రాసిన పుస్తకం. తరవాతివాళ్లలో కొందరు, నీటి ప్రభావం ఎన్ విలువలోనే కొంత కలిసి ఉంటుంది, మళ్లీ కోత పెట్టడమెందుకని వాదించారు. ఆ వాదనలో బలం ఉంది. అయితే అది పరీక్ష నాటికి ఆ ఇసుకలో నీరు ఉన్నచోట చెల్లుతుంది. మనం మే నెలలో నీటికి పైనున్న ఇసుకలో సుత్తి వేశాం. ఆ దెబ్బల్లో నీరు లేదు, తరవాత వస్తుంది. కాబట్టి ఇక్కడ ఆ వాదన మనకు సాయం రాదు. ఈ మాటంతా కొత్తవాళ్లకు రాయడం అవసరమా అని ఒక క్షణం ఆగాను. అవసరమే అనిపించింది. కోడులో ఉంది కాబట్టి సగం చేయి అంటే, రేపు క్లయింటు తరఫు ఇంజినీరు ‘ఎన్ విలువలో నీళ్లు ఉన్నాయి కదమ్మా’ అన్నప్పుడు ఆమె దగ్గర జవాబు ఉండదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువసేపు పట్టుకున్నది వేరే ఉంది. రిపోర్టుతో పాటు ఆమె ఫీల్డు పుస్తకం కూడా తెప్పించుకుని చూశాను. రెండో బోరు పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, పక్క పొలం కౌలురైతు చెప్పిన మాట రాసుకుంది. శ్రావణంలో గుంత తీస్తే మోకాలి లోతుకే నీళ్లు తగులుతాయని. అంటే ఆమె అడిగింది, విన్నది, రాసుకుంది. రిపోర్టులోకి మాత్రం తేలేదు. ఎందుకు? అది పరీక్ష కాదు కాబట్టి, కోడు నంబరు లేదు కాబట్టి, కౌలురైతు మాటను క్లయింటు రిపోర్టులో పెడితే నవ్వుతారేమోనని అయి ఉంటుంది. ఇక్కడ నా నోట్ దిశ మారిపోయింది. ‘నీటిమట్టం తప్పు’ అని రాయబోయినవాణ్ని ఇలా రాశాను. ‘సరైన సంగతి నీ పుస్తకంలోనే ఉంది. రిపోర్టులోకి తీసుకురా. అయితే వినికిడిని వినికిడిగానే రాయి, కొలిచినదాన్ని కొలిచినదిగా రాయి. కేంద్ర భూగర్భ జల మండలి పరిశీలక బావుల్లో ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది, మే, ఆగస్టు, నవంబరు, జనవరి. దగ్గరి బావి ఆగస్టు, నవంబరు అంకెలు తీసుకుని రైతు మాటతో పోల్చి చూడు. లెక్క ఆ ఎత్తుకు చెయ్యి.’ మెప్పు ఎక్కడ ముగిసింది, దిద్దుబాటు ఎక్కడ మొదలైంది అని ఎవరైనా అడిగితే ఈ ఆరు వాక్యాల్లో నేను గీత గీయలేను.

రెండో పెద్ద దిద్దుబాటు రాయనిదాని గురించి. ఉన్న తప్పును వేలు పెట్టి చూపించవచ్చు, లేని వాక్యాన్ని ఎలా చూపించాలి? నల్లరేగడికి ఫ్రీ స్వెల్ పరీక్ష చేయించింది. పది గ్రాముల పొడిమట్టి నీళ్లున్న గాజు జాడీలో ఒకటి, కిరోసిన్ ఉన్న జాడీలో ఒకటి వేసి ఒక రోజు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. ఇక్కడ కిరోసిన్‌లో 10 మిల్లీలీటర్లు నిలిచింది, నీళ్లలో 21కి ఉబ్బింది. అంటే 110 శాతం, ఐఎస్ 1498 పట్టిక ప్రకారం బాగా ఉబ్బే మట్టి. అంకె అనుబంధంలో పట్టికలో ఉంది. సిఫార్సుల పేజీలో దాని ఊసే లేదు. ఫుటింగులు నల్లరేగడి దాటి ఇసుకలోకి వెళ్లిపోయాయి కాబట్టి ఇక దానితో పని లేదనుకుంది కాబోలు. ఫుటింగులకు పని లేదు, నిజమే. మరి హాలు నేల? వేలమంది నడిచే ఆ టైల్స్, వంటశాల గచ్చు, ప్రహరీ గోడ, ఇవన్నీ ఆ నల్లరేగడి మీదే కదా కూర్చుంటాయి? స్తంభాలు కదలకుండా నిలబడతాయి, వాటి మధ్య నేల వానాకాలంలో లేచి, ఎండాకాలంలో దిగుతుంది. టైల్స్ స్తంభాల చుట్టూ పగులుతాయి. ఆ పగుళ్లు చూసి క్లయింటు పునాదులు పోయాయనుకుంటాడు. కాబట్టి గచ్చు కింద నల్లరేగడిని తీసేసి, ఉబ్బని మట్టితో పొరలుపొరలుగా నింపి దిమ్మిస కొట్టమని ఒక పేరా కావాలి. దీన్ని ఆమెకు ప్రశ్నగా రాశాను. ‘110 అన్న ఈ అంకె కట్టడంలో ఏ భాగానికి వర్తిస్తుంది?’ అని మాత్రం. నీటి లెక్కను ప్రశ్నగా వదలలేదు, గుణకంతో సహా తేల్చి రాశాను. రెండూ ఒకే రకంగా ఎందుకు రాయలేదు? నీటి విషయంలో ఆమె ఒక నిర్ణయం తీసుకుంది, అది ప్రమాదం, ఊహించుకోమని వదలడం న్యాయం కాదు. నేల విషయంలో ఆమె ఇంకా ఆలోచించలేదు, ఆలోచిస్తే తనే పట్టుకోగలదు, పట్టుకోకపోతే ఎలాగూ రెండో ప్రతి నేను చూస్తాను.

తరవాత ఆ నలిగే పేజీ. ఆమె వాక్యం సారాంశం ఇది (రిపోర్టు ఇంగ్లీషులోనే ఉంటుంది, నోట్ నేను తెలుగులో రాస్తాను): ‘పై ఫలితాలన్నిటినీ పరిగణనలోకి తీసుకున్న మీదట, ఈ స్థలానికి 18 టన్నుల సేఫ్ బేరింగ్ కెపాసిటీని సిఫార్సు చేయవచ్చు.’ ఏ లోతున? ఎంత వెడల్పు ఫుటింగుకు? ఎంత కుదింపుకు? నీరు ఎక్కడ ఉందనుకుని? ఇవన్నీ రిపోర్టులో ఉన్నాయి, ఆరు పేజీల వెనక. ఆ అంకెను సున్నా చుట్టి తీసుకెళ్లేవాడు ఆ ఆరు పేజీలు తీసుకెళ్లడు. 18 అంకె ఒక్కటే వెళితే రేపు ప్రహరీ గోడకు అర మీటరు లోతున, నల్లరేగడి మీద కూడా అదే వాడతాడు. కాబట్టి వాక్యం మార్చి పక్కనే రాసి చూపించాను. ‘ఇప్పటి నేలమట్టం నుంచి 2 మీటర్ల లోతున, ఇసుక పొర మీద, 3 మీటర్ల వెడల్పు మించని విడి ఫుటింగులకు, నీరు ఫుటింగు అడుగు దాకా లేదా ఇంకా పైకి వచ్చినప్పుడు, 50 మిల్లీమీటర్ల కుదింపు హద్దుకు, నికర అనుమతి ఒత్తిడి చదరపు మీటరుకు ఇంత. నల్లరేగడి మీద ఏ పునాదికీ ఈ అంకె వాడరాదు.’ అంకె చోట ఖాళీ ఉంచాను. వెడల్పు పెరిగితే కుదింపు లెక్క కొద్దిగా మారుతుంది, అది ఆమె మళ్లీ వేయాలి. ఇక్కడ ‘సిఫార్సు చేయవచ్చు’ అన్న మెత్తదనం కూడా తీసేయమన్నాను. సంతకం పెట్టేవాళ్లు సిఫార్సు చేస్తారు లేదా చేయరు.

ఇవి కాక చిన్నచిన్నవి ఇంకా ఉన్నాయి. ఒక చోట కిలోన్యూటన్లు, ఇంకో చోట టన్నులు. ఫొటోల కింద బోరు నంబర్లు లేవు. పరిచయంలో ఆ ఊరి చరిత్ర రెండు పేరాలు. వీటిలో మొదటి రెండూ సరిచేయాల్సినవే. మూడోది నా అభిరుచి. అభిరుచిని కూడా తప్పుల మధ్య కలిపేస్తే, చదివే మనిషికి నీటిమట్టమూ ఊరి చరిత్రా ఒకే బరువుగా కనిపిస్తాయి. అన్నీ ఎర్రగానే ఉంటాయి కదా. కాబట్టి నోట్‌లో తేల్చి రాశాను, నీటి లెక్క, గచ్చు, సిఫార్సు వాక్యం సరికాకుండా రిపోర్టు బయటికి వెళ్లదని. చివర విడిగా, ఇది నేనైతే ఇలా రాస్తాను, నీకు నచ్చకపోతే ఉంచుకో, అని. ఎర్ర పెన్ను వాడలేదు, మార్జిన్‌లో పెన్సిలే.

నోట్ ఇచ్చి వెళ్లిపోకుండా కాసేపు కూర్చున్నాను. ఆమె చదువుతున్నప్పుడు మొహం చూడాలనిపించలేదు గానీ, అడగాలనుకుంటే అడగడానికి మనిషి ఎదురుగా ఉండాలి. నీటి పేరా దగ్గర ఆగింది. ‘సార్, కోడు ప్రకారం గుణకం ఒకటే కదా?’ అంది. ‘అవునమ్మా, నువ్వు కొలిచిన రోజుకు ఒకటే. మండపం ఆ ఒక్క రోజుకు కడుతున్నామా?’ అన్నాను. కౌలురైతు మాట గురించి నేను ఊహించిందే చెప్పింది, దానికి ఆధారం ఏమని రాయాలో తెలియక వదిలేశానని. ఊరి చరిత్ర మాత్రం ఉంచుకుంటానంది. పాత కాలువ ఒకటి ఆ స్థలం పక్కనే పారేదని అందులో ఉందట. పూడ్చిన కాలువ అంటే మట్టి వరస మారిపోయే అవకాశం ఉన్నట్టే. అయితే దాన్ని పరిచయంలో కాక భూమి వివరాల్లో పెట్టమన్నాను.

రెండో ప్రతి వచ్చింది. పరిశీలక బావి అంకెలు తెచ్చి, నీటిని 1.2 మీటర్ల దగ్గర తీసుకుని, కొత్త వెడల్పుకు లెక్క మళ్లీ వేసి, 9 టన్నుల లోపే తేల్చింది. గచ్చు కింద మట్టి మార్పిడి గురించి పేరా ఉంది. పునాది తవ్వకం కాలువలు వదలకముందే ముగించుకోమని, ఆలస్యమైతే నీళ్లు తోడించే ఖర్చు వేసుకోమని ఒక వాక్యం, నేను చెప్పనిది. దాని కింద ఇంకో వాక్యం ఉంది. మండపం ప్లానులో వెనక వైపు భూగర్భ నీళ్ల సంపు ఉంది, నీటిమట్టం పైకి వచ్చిన నెలల్లో సంపు ఖాళీ చేస్తే అది పైకి తేలే ప్రమాదం ఉంది, దాని బరువును పైకి తోసే ఒత్తిడితో పోల్చి డిజైను చేయాలి, అని. ఆ సంపు ప్లానులో ఉందని నేను గమనించనేలేదు, నా పని మట్టితోనని. ఆమె ఆ నీటిని ఫుటింగు దగ్గర వదిలేయకుండా స్థలమంతా తిప్పి చూసింది. ఆ వాక్యం పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టి, సంపు లోతు స్ట్రక్చరల్ ఇంజినీరును అడిగి అంకె కూడా వేయమని రాశాను. సాయంత్రానికి ఆమె ఆయనతో ఫోన్‌లో మాట్లాడుతోంది, సంపు అడుగు ఎంత మందమని.